ఇంటర్ పరీక్షల వారం: నిద్ర, అలారాలు, ముందు రాత్రి సర్దుకోవాల్సినవి

ఇంటర్ పరీక్ష ఉదయం 9 గంటలకు మొదలవుతుంది. ఫస్టియర్‌కి ఒక రోజు, సెకండియర్‌కి మరుసటి రోజు జరుగుతుంది కాబట్టి, చాలావరకు రెండు పరీక్షల మధ్య ఒక రోజు ఖాళీ దొరుకుతుంది. పిల్లల నిద్ర చెడేది ఈ ఖాళీ రోజునే.

1. ముందు టైము వెనక్కి లెక్కేసుకోండి

ఇల్లు సఖినేటిపల్లిలో, సెంటరు గోదావరి పాయ వశిష్ఠకి అవతలి ఒడ్డున నరసాపురంలో అనుకుందాం. గేటు దగ్గర 8:15కి ఉండాలి. అవతలి రేవు నుంచి సెంటరుకి ఆటోలో పావుగంట. జనాన్ని, బండ్లని నది దాటించే పంటు కోసం ఆగడానికి, వశిష్ఠ దాటడానికి కలిపి 40 నిమిషాలు. ఇంటి నుంచి రేవుకి పావుగంట. అంటే 7:05కి బయల్దేరాలి, ఐదు నిమిషాలు చేతిలో ఉంచుకుంటే 7 గంటలకి. స్నానం, టిఫిను కలుపుకొని 5:30కి లేవాలి. ఈ వయసు పిల్లలకి కనీసం 8 గంటల నిద్ర కావాలి కాబట్టి రాత్రి 9:30కి పడుకోవాలి.

2. పడుకునే టైము కన్నా ముందు లేచే టైము మార్చండి

రాత్రి 12 దాకా చదివే అలవాటున్నవాళ్లు ఒక్కసారిగా 9:30కి పక్క ఎక్కితే నిద్ర రాదు, కంగారు మాత్రం వస్తుంది. అందుకే పరీక్షలకి వారం ముందు నుంచే రోజూ 20 నిమిషాలు ముందుగా లేవండి. లేవగానే అరుగు మీదకో డాబా మీదకో వెళ్లి వెలుతురులో కాసేపు ఉండండి. పొద్దున వెలుతురు పడితే రాత్రి నిద్ర కూడా తొందరగా వస్తుంది. మధ్యాహ్నం 3 దాటాక టీ, కాఫీ వద్దు.

ఖాళీ రోజున కూడా 5:30కే లేవాలి. ఆ రోజు 8 దాకా పడుకుంటే రాత్రి 9:30కి నిద్ర పట్టదు, మర్నాడే పరీక్ష. మరీ అలసటగా ఉంటే భోజనం చేశాక 20 నిమిషాలు కునుకు తీయొచ్చు, అంతకు మించొద్దు.

3. ఫోనులో రెండు రకాలుగా పెట్టండి

లేచే అలారం రోజూ ఒకటే కాబట్టి అది గడియారం యాప్‌లో పెట్టండి. మిగతా గుర్తుచేతలు తేదీని బట్టి మారతాయి. సోమ, బుధ అంటూ వారాలతో పెడితే మధ్యలో ఆదివారమో పండగో వచ్చినప్పుడు వరస తప్పుతుంది. టైంటేబుల్ చూసి, క్యాలెండర్‌లో ఏ తేదీకి ఆ తేదీ వేసుకోండి. పరీక్ష ముందు రోజు రాత్రి 7:30కి "పుస్తకం మూసెయ్", 8:30కి "సంచీ సర్దు", 9:15కి "పడక".

సాధారణంగా డిస్టర్బ్ చేయొద్దనే సెట్టింగ్ వేసినా అలారం మోగుతుంది గానీ, క్యాలెండర్ సందేశం మాత్రం చప్పుడు లేకుండా పోతుంది. అందుకే ఆ సెట్టింగ్‌ని 9:15 తర్వాతే వేయండి. అలారం సౌండు, రింగ్ సౌండు వేరువేరుగా ఉంటాయి, ఒకసారి మోగించి చూసుకోండి. ఇంకో సంగతి: రాత్రి కరెంటు పోయి ఛార్జింగు అయిపోతే ఫోను ఆగిపోతుంది, అలారం మోగదు. సాయంత్రమే నిండా ఛార్జింగు పెట్టి, అమ్మ ఫోనులో కూడా 5:35కి ఒక అలారం పెట్టండి.

4. రివిజన్‌కి హద్దు గీయండి

ఖాళీ రోజున కొత్త పాఠం ముట్టుకోవద్దు. 40 నిమిషాల చొప్పున పొద్దున మూడు విడతలు, సాయంత్రం రెండు విడతలు చాలు. చదవడం కన్నా చూడకుండా రాయడం మేలు. ఫిజిక్స్ అయితే, పుస్తకం మూసి ట్రాన్స్‌ఫార్మర్ బొమ్మ గీసి, భాగాల పేర్లు పెట్టి, సూత్రం రాయండి. తర్వాత పుస్తకం తెరిచి తప్పిన చోట మాత్రమే ఎర్ర పెన్నుతో దిద్దండి. రాత్రి 7 గంటలకి ఆ ఎర్ర గుర్తులొక్కటే చూసుకుని, 7:30కి ఆపేయండి. రాని ప్రశ్న ఒకటి ఎప్పుడూ మిగులుతుంది. దాని వెంట పడితే 11 అవుతుంది, వచ్చినవి కూడా పొద్దున్న తడబడతాయి.

5. ముందు రాత్రి 8:30కి

- హాల్ టికెట్: తేదీ, సబ్జెక్టు, సెంటరు పేరు గట్టిగా చదవండి. ఒకే పేరుతో రెండు బ్రాంచిలున్న కాలేజీలుంటాయి, వీధి పేరు కూడా చూడండి.
- రాసి చూసిన పెన్నులు మూడు, పెన్సిలు, స్కేలు, రబ్బరు.
- సెంటరులో రానిస్తే ముళ్లున్న మామూలు వాచీ. స్మార్ట్ వాచీ లోపలికి రానివ్వరు.
- పంటుకి, ఆటోకి చిల్లర, మంచినీళ్ల సీసా.
- బండిలో పెట్రోలు. పంటు తిరగకపోతే అదే దిక్కు.

పొద్దున మంచు దట్టంగా పడితే పంటు ఆలస్యమవుతుంది, ఒక్కోసారి ఆపేస్తారు కూడా. అందుకే 6:15కి ఇంట్లో ఒకరు రేవుకి వెళ్లి చూసి రావాలి. 6:30కల్లా పంటు కదులుతుందని తేలకపోతే ఇక ఎదురుచూడకుండా మలికిపురం, దిండి మీదుగా చించినాడ వంతెన దాటి బండి మీద వెళ్లిపోవాలి. అది చాలా చుట్టుదారి. పైగా మంచులో బండి నెమ్మదిగానే నడపాలి కాబట్టి 6:45కి బయల్దేరితేనే టైముకి చేరతారు. ఏడింటికి రేవులో నిలబడి ఆలోచిస్తే ఆ దారి కూడా చేజారినట్టే.

ఫోను సెంటరు లోపలికి తీసుకెళ్లనివ్వరు కాబట్టి, తోడు వచ్చే పెద్దవాళ్లకి గేటు దగ్గరే ఇచ్చేయండి. పరీక్ష అయ్యాక ఎక్కడ కలవాలో కూడా ముందు రాత్రే చెప్పి ఉంచండి.