పట్టుచీర సంరక్షణ – మూడో పాఠం: నల్లబడ్డ జరీ అంచులో మచ్చ ఉన్నంత మేర శుభ్రం చేయడం

గత పాఠంలో చీర చివర ఊడిన జరీ పోగును ఒకటి తీసి, మన జరీ ఏ రకమో చూసుకున్నాం. పైపూత కింద తెల్లటి మెరుపు కనిపిస్తే వెండి జరీ. ఎర్రగా కనిపిస్తే రాగి తీగ జరీ. మంట దగ్గర ముద్దగా కరిగిపోతే ప్లాస్టిక్ జరీ. ఈ పాఠం మొదటి రెండు రకాలకే. ప్లాస్టిక్ జరీ మీద రంగుపూత ఉంటుంది, ఇప్పుడు చెప్పబోయే ద్రావకం ఆ పూతను లేపేయవచ్చు. అలాంటి చీరను మెత్తటి బ్రష్‌తో దులిపి వదిలేయండి.

ముందుగా జరీ ఎందుకు నల్లబడుతుందో తెలియాలి. అది తెలియకుండా చేతిలోకి గుడ్డ తీసుకుంటే చీర పాడవుతుంది. పట్టు పోగు చుట్టూ రేకులా సాగగొట్టిన వెండి తీగను మెలికలుగా చుట్టి, దాని మీద అతి పలచగా బంగారం పూత వేస్తారు. ఆ పూతలో కంటికి కనిపించని సందులు ఉంటాయి. గాలిలో, చెమటలో, పాత అట్టపెట్టెల్లో, రబ్బరు బ్యాండ్లలో ఉండే గంధకం ఆ సందుల్లోంచి వెండిని చేరుతుంది. అప్పుడు వెండి, గంధకం కలిసి నల్లటి పొర ఏర్పడుతుంది. అంటే ఆ నలుపు బయటి నుంచి వచ్చి అంటుకున్నది కాదు, వెండే అలా మారిపోయింది. దాన్ని గీకితే వెండి పోతుంది, దాని మీదున్న బంగారం కూడా పోతుంది.

కానీ చాలా చీరల్లో కనిపించే నలుపంతా ఇదే కాదు. చెమట జిడ్డు, పౌడరు, సెంటు, దుమ్ము కలిసి జరీ మీద ఒక పొరలా పేరుకుంటాయి. మనం ఇంట్లో తీయగలిగింది ఈ పొరనే. ఇది పోతే నలుపు చాలావరకు తగ్గినట్టు కనిపిస్తుంది. మిగిలినదాన్ని ముట్టుకోకూడదు.

మా అత్తయ్య పెళ్లిచీరను ఉదాహరణగా తీసుకుందాం. 1991లో ధర్మవరంలో కొన్న చీర, ముదురు ఎరుపు, జానెడు జరీ అంచు. అందులో మూడు చోట్ల మూడు రకాల నలుపు ఉంది. కొంగు దగ్గర రూపాయి బిళ్లంత గట్టి మచ్చ, అది జీలకర్ర బెల్లం పడినది. నడుము దగ్గర నాలుగు వేళ్ల వెడల్పున మసక, అది చెమటది. ఇక మడత పడిన చోటల్లా సన్నటి నల్ల గీత.

కావలసినవి: నీటి రంగులకు వాడే మెత్తటి బొమ్మల బ్రష్, గంజి లేని తెల్ల మల్లు గుడ్డ, ఇయర్ బడ్స్ ఒక ప్యాకెట్, డిస్టిల్డ్ వాటర్, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిన్న సీసా. సర్జికల్ స్పిరిట్ వాడకండి, దానిలో కొన్నిటికి ఆముదం కలుపుతారు, చీర మీద జిడ్డు మిగులుతుంది. ఆల్కహాల్ త్వరగా అంటుకుంటుంది కాబట్టి దీపం, గ్యాస్ స్టవ్ దరిదాపుల్లో లేకుండా, కిటికీ తెరిచి కూర్చోండి.

మొదట రంగు పరీక్ష. నడుము దగ్గర లోపల దోపుకునే చివర, ఎవరికీ కనపడని చోట పట్టు మీద ఆల్కహాల్ తడి బడ్ ఒకటి, నీటి తడి బడ్ ఒకటి పది సెకన్లు అదిమి పెట్టండి. ఏ బడ్‌కి చీర రంగు అంటితే ఆ ద్రవం ఆ చీర పట్టుకు తగలకూడదు. రెండూ అంటితే తడి పని మానుకుని బ్రష్‌తోనే సరిపెట్టుకోవాలి. అత్తయ్య చీరకు ఆల్కహాల్ బడ్ తెల్లగానే ఉంది, నీటి బడ్‌కి లేత గులాబీ రంగు వచ్చింది. అందుకే నీళ్లు జరీ మీదే, అదీ బెల్లం మచ్చకే వాడాను.

ఇప్పుడు అంచును తెల్ల గుడ్డ మీద బల్లపరుపుగా పరచి, ఫోన్ కెమెరాను జూమ్ చేసి జరీ పోగులు ఏ వైపు సాగుతున్నాయో చూడండి. బ్రష్ అదే దిశలో, పోగు పొడవునా నడవాలి. అడ్డంగా తోమితే చుట్టిన తీగ లేచి మెలికలు విడిపోతాయి. తీగ విడిపోయిన చోట లోపలి పట్టు పోగు కనిపిస్తుంది, దానికి ఇంట్లో మరమ్మతు లేదు.

దులపడం అయ్యాక నడుము దగ్గరి మసక. బడ్‌ను ఆల్కహాల్‌లో ముంచి మల్లు గుడ్డకు అద్దండి, బడ్ చెమ్మగా ఉంటే చాలు, కారకూడదు. దాన్ని జరీ మీద రుద్దకుండా, వేళ్ల మధ్య తిప్పుతూ దొర్లించాలి. అద్దడం, దొర్లించడం, చూడడం. ప్రతిసారీ కొత్త వైపు, రెండు దొర్లింపులకొక కొత్త బడ్. ఈ పనిలో మీకు దారి చూపేది ఆ బడ్డే. బూడిద రంగు వస్తుంటే మురికి వస్తోంది, కొనసాగించండి. తెల్లగా వస్తుంటే మురికి అయిపోయింది, ఆపేయండి. బడ్ మీద పసుపుగా మెరిసే నలుసులు కనిపిస్తే బంగారం లేస్తోంది, ఆ క్షణమే ఆపండి. అత్తయ్య చీరకు మొదటి ఆరు బడ్లు బూడిద రంగుకు వచ్చాయి, ఏడోది తెల్లగా ఉంది. మసక సగానికి పైగా తగ్గింది, ముదురు పసుపు రంగు మాత్రం ఉండిపోయింది. దాన్ని అలాగే ఉంచాను.

బెల్లం ఆల్కహాల్‌కి కరగదు, నీళ్లే కావాలి. కుళాయి నీళ్లలో ఉప్పులు ఉంటాయి కాబట్టి డిస్టిల్డ్ వాటర్. మచ్చ కింద మల్లు గుడ్డ మడత పెట్టి, చెమ్మ బడ్‌ను మచ్చ మీద అర నిమిషం ఆనించి ఉంచండి. బెల్లం మెత్తబడ్డాక దొర్లించి తీయండి, వెంటనే పొడి గుడ్డతో అదమండి. ఒక్కసారికి పోదు. నేను ఐదుసార్లు, మధ్యలో పూర్తిగా ఆరనిచ్చి చేశాను. గోరుతో పెళ్లగించాలనిపిస్తుంది, వద్దు, బెల్లంతోపాటు తీగ కూడా లేచి వస్తుంది.

మడత గీతల్ని నేను ముట్టుకోలేదు. జూమ్‌లో చూస్తే అక్కడ తీగ విరిగి, పూత చిట్లి ఉంది. ఆ నలుపు వెండిదే. అక్కడ బడ్ దొర్లిస్తే గీత వెడల్పు అవుతుంది తప్ప పోదు.

కొన్ని ఇంటి చిట్కాల గురించి చెప్పాలి, ఎందుకంటే వాటి వల్ల పోయిన అంచులు నేను చూశాను, అందులో ఒకటి నాదే. నా పాత చీర అంచు మీద టూత్‌పేస్ట్ రాసి తోమాను. అరచేయంత మేర మెరిసింది, కానీ తెల్లగా మెరిసింది. పేస్ట్‌లోని సన్నటి పొడి బంగారాన్ని అరగదీసేసింది. చింతపండు, నిమ్మరసం రాగి జరీ మీద క్షణంలో మెరుపు తెస్తాయి, కానీ బంగారు పూత చిట్లిన చోట రాగి బయటపడి కొన్నాళ్లకు ఎర్రటి మచ్చగా, పచ్చటి చిలుముగా మారుతుంది. ఆ పులుపు పట్టులో మిగిలితే పోగు కూడా పెళుసవుతుంది. అల్యూమినియం రేకు, వంటసోడా, వేడినీళ్ల పద్ధతి వెండి గిన్నెలకు బాగుంటుంది. చీరకు మాత్రం సోడా క్షారం, వేడి, తడి, మూడూ పట్టుకు, రంగుకు హాని చేసేవే. వెండి సామాన్లు ముంచే ద్రవాలు కూడా వాడకండి.

మచ్చ అరచేతి కంటే పెద్దదైతే, లేదా జరీ పోగులు ఇప్పటికే లేచి ఉంటే, ఇంట్లో మొదలుపెట్టవద్దు. పట్టుచీరలు చేసే డ్రైక్లీనర్‌కు ఇచ్చేటప్పుడు జరీ రకం చెప్పి, అంచును పాలిష్ చేయవద్దని ముందే అడగండి.

పని అయ్యాక చీరను నీడలో, ఫ్యాన్ నేరుగా తగలకుండా రెండు మూడు గంటలు ఆరనివ్వండి. ఆల్కహాల్ వాసన పూర్తిగా పోయాకే మడవాలి. పాత మడత మీద కాకుండా పక్కకు జరిపి మడిచి, ఉతికి గంజి లేకుండా ఆరబెట్టిన మల్లు గుడ్డలో చుట్టండి.

ఈ వారం అభ్యాసం: పెళ్లిచీరను ముట్టుకోకండి. పాత జరీ జాకెట్ ముక్క ఒకటి తీసుకుని, రెండు అంగుళాల మేర ఇదంతా చేసి, వాడిన బడ్లను వరుసగా తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. ఎన్నో బడ్ దగ్గర ఆపాల్సిందో రాసుకోండి. వచ్చే పాఠంలో మడతలు, బీరువాలో భద్రపరచడం చూద్దాం.