పెళ్ళి రోజు సామాన్ల లిస్టు: ఏ వస్తువు ఎవరి చేతిలో ఉండాలి?

మా చెల్లి పెళ్ళిలో జీలకర్ర బెల్లం డబ్బా గదిలో ఉంది, గదికి తాళం వేసి ఉంది, తాళంచెవి నాన్న చొక్కా జేబులో ఉంది. నాన్న అప్పటికే చొక్కా విప్పేసి పట్టుపంచె కట్టుకుని పీటల మీద కూర్చున్నారు, ఆ చొక్కా ఎక్కడ పెట్టారో ఆయనకే గుర్తులేదు. ముహూర్తానికి ఆరు నిమిషాల ముందు దొరికింది. మా దగ్గర లిస్టు లేకపోలేదు, నాలుగు పేజీల లిస్టు ఉంది, ప్రతి వస్తువూ కొన్నాం, టిక్కులు కూడా పెట్టాం. కానీ అది ఏం కొనాలో చెప్పే లిస్టు, ఎవరు అందించాలో చెప్పేది కాదు.

ఏడాది తర్వాత మా చిన్నాన్న కూతురి పెళ్ళికి ఇంకో లిస్టు తయారు చేశాం. ముహూర్తం రాత్రి 9:48కి. ఆ లిస్టు ఎలా రాశామో ఇక్కడ చెబుతున్నాను. ఇది ఆడపెళ్ళివారి వైపు నుంచి, మా ఇంటి పద్ధతి ప్రకారం రాసింది. మీ ఇంట్లో వరుస కాస్త మారితే దానికి తగ్గట్టు మార్చుకోండి.

1. ముందు పురోహితుడి గారితో అరగంట కూర్చోండి

ఆయన ఇచ్చే సామాను చీటీలో పసుపు, కుంకుమ, వక్కలు, కర్పూరం, కొబ్బరికాయలు అన్నీ కలిపే ఉంటాయి. ఆ చీటీని ముందు పెట్టుకుని ప్రతి వస్తువు దగ్గరా రెండే ప్రశ్నలు అడగండి: ఇది ఎప్పుడు కావాలి? మేం తేవాలా, మగపెళ్ళివారు తేవాలా? రెండో ప్రశ్న మొహమాటం లేకుండా అడగాల్సిందే. మధుపర్కాలు, మెట్టెలు, నల్లపూసలు, అడ్డుతెర, వీటి విషయంలో ఒక్కో ఇంట్లో ఒక్కో ఆనవాయితీ, అందుకే ఇద్దరూ తెస్తారు లేదా ఇద్దరూ తేరు. మంగళసూత్రానికి రెండు బొట్లు, ఒకటి పుట్టింటిది, ఒకటి అత్తింటిది అనుకుంటే, ఆ రెండూ ఏ తాడుకి, ఎవరు, ఎప్పుడు గుచ్చుతారో కూడా అప్పుడే తేల్చుకోండి. పసుపు తాడు లావుగా ఉండి బొట్టు రంధ్రంలోకి దూరకపోవడం చాలా పెళ్ళిళ్ళలో జరిగేదే. ముందు రోజు ఒకసారి గుచ్చి చూస్తే తెలిసిపోతుంది.

2. పీటల మీద కూర్చునేవాళ్ళకు ఏ బాధ్యతా ఇవ్వకండి

మేం చేసిన అసలు తప్పు ఇదే. నమ్మకమైన మనిషి కదా అని అన్నీ నాన్నకే, అమ్మకే అప్పజెబుతాం. కాళ్ళు కడగడం దగ్గర్నుంచి కన్యాదానం దాకా వాళ్ళు పీటల మీదే ఉంటారు, లేవలేరు, ఫోన్ ఎత్తలేరు. మేనమామ పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి తేవాలి. అన్నో తమ్ముడో లాజహోమంలో చెల్లెలి దోసిట్లో పేలాలు పోయాలి. తోడపెళ్ళికూతురు పక్కనుంచి కదలకూడదు. వీళ్ళందరి పేర్లూ కొట్టేయగా ఎవరు మిగిలారో చూడండి: పిన్నులు, బాబాయిలు, పెదనాన్న పిల్లలు, అల్లుళ్ళు. బాధ్యతలు వాళ్ళకే.

కాగితం మీద "అబ్బాయిలు చూసుకుంటారు" అని రాస్తే ఎవరూ చూసుకోరు. ఒక్క మనిషి పేరు, ఫోన్ నంబరు, పక్కన ఆ మనిషి లేకపోతే ఇంకొకరి పేరు రాయాలి. ఇక్కడ పేర్ల బదులు వరసలు రాస్తున్నాను.

3. ఘట్టానికి ఒక సంచి

కొట్టు ప్రకారం కాదు, ఘట్టం ప్రకారం సర్దండి. మా లిస్టులో ఇలా రాసుకున్నాం:

గౌరీపూజ, సాయంత్రం 6:30 – పసుపు గౌరి, పూలు, గాజులు, పూజ పళ్ళెం – పెద్ద పిన్ని

ఎదుర్కోలు, కాళ్ళు కడగడం, 8:15 – పెద్ద పళ్ళెం, చెంబు, తువ్వాలు, పానకం – చిన్న బాబాయి

బుట్ట, అడ్డుతెర, కొబ్బరి బోండాం, 9:00 – పెదనాన్న పెద్దకొడుకు

జీలకర్ర బెల్లం, సూత్రాలు, 9:48 – నేను, నేను లేకపోతే చిన్న పిన్ని

తలంబ్రాలు – మేనత్త కూతురు

హోమం, సన్నికల్లు, మెట్టెలు – చిన్న అల్లుడు

జీలకర్ర బెల్లం ఆ మధ్యాహ్నమే నూరుకోండి. బెల్లం పాళ్ళు ఎక్కువైతే కరిగి నుదుటి మీదికి కారుతుంది, తమలపాకు మీద ముద్దగా నిలబడాలి. సూత్రాల పళ్ళేన్ని కొబ్బరికాయతో పాటు పెద్దల చేత తాకించడానికి హాలంతా తిప్పుతారు కదా, అది ఒక చేతి నుంచి ఇంకో చేతికి వెళ్ళిపోతూ ఉంటుంది. దాన్ని పట్టుకున్నవాళ్ళు చేతుల్లోంచి వదలకుండా వరుసల మధ్య తామే నడవాలి, తిరిగి పురోహితుడి గారి ముందు పెట్టేదాకా వాళ్ళదే బాధ్యత.

తలంబ్రాలకు మేం ఐదు కిలోల బియ్యం కలిపాం. పసుపు, కొద్దిగా నెయ్యి పట్టించి నీడలో ఆరబెట్టాలి. తడి ఉంటే ఉండలు కట్టి పట్టుబట్టలకు అంటుకుంటాయి.

హోమం సంచి దగ్గర ఎక్కువ జాగ్రత్త. పేలాలు అని అడిగితే కొట్టువాళ్ళు మరమరాలు కట్టి ఇస్తారు. లాజహోమానికి కావాల్సింది వడ్లు వేయించిన పేలాలు, పొట్టు అంటి కనిపిస్తుంది, చూసి తీసుకోండి. సన్నికల్లు ఫంక్షన్ హాల్లో ఉంటుందనుకోకండి, ఇంటి నుంచే కారులో పెట్టుకెళ్ళాలి. మెట్టెలు పెళ్ళికూతురి వేలికి ముందే పెట్టి చూడండి, పెళ్ళిలో బిగుతై వేలు నొక్కితే పాపం ఆ పిల్ల అంతమందిలో చెప్పలేదు.

4. తాళంచెవి, కారు

గది తాళంచెవి రెండు ఉండాలి, రెండూ ఆ రాత్రంతా మండపం దగ్గరుండే ఇద్దరి దగ్గరే. సంచులున్న కారుని స్టేషన్‌కి చుట్టాల్ని తేవడానికి పంపకండి. సాయంత్రం 5 గంటలకల్లా ఆరు సంచులూ మండపం వెనక ఒకే బల్ల మీదికి చేరాలి. మేం ఒక్కొక్కరి చేతా సంచి విప్పించి, ఒక్కో వస్తువూ పైకి తీసి చూపించమన్నాం. ఇరవై నిమిషాలు పట్టింది, అడ్డుతెర ఇస్త్రీకిచ్చిన చోటే ఉండిపోయిందని అప్పుడే తెలిసింది. మూడు గంటలు టైముంది కాబట్టి ఒకరు బండి మీద వెళ్ళి తెచ్చారు.

5. చదివింపులు, బహుమతులు

చదివింపుల బల్ల దగ్గర ఇద్దరుండాలి. ఒకరు పుస్తకంలో రాస్తారు, ఇంకొకరు కవరు మీద అదే నంబరు వేసి జిప్పు సంచిలో వేస్తారు. అక్కడ కవర్లు చింపకండి, రద్దీలో ఏ డబ్బు ఎవరిదో కలిసిపోతుంది. గంటకోసారి సంచి లాకరున్న గదికి వెళ్ళాలి. మాకు ఆ పని చిన్నాన్న తోడల్లుడు చేశారు. వియ్యాలవారికి పెట్టే బట్టల మీద ముందే చీటీలు అంటించి, ఆడపడుచుకి ఏది, అత్తగారికి ఏది అని రాసి పెద్ద పిన్నికి అప్పగించాం. అప్పగింతల వేళ అందరూ ఏడుస్తుంటారు, అప్పుడు వెతకడం ఎవరివల్లా కాదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది, దాని కింద 1985లో చేసిన నియమాల ప్రకారం వధూవరులకు వచ్చిన బహుమతుల జాబితాలు రాసి ఉంచాలి. వధువుకి వచ్చినవి వధువు దగ్గర, వరుడికి వచ్చినవి వరుడి దగ్గర. వస్తువు వివరం, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, వాళ్ళు బంధువులైతే చుట్టరికం రాసి, వధూవరులిద్దరూ సంతకం పెట్టాలి. బంగారం ఎవరు పెట్టారు, ఎంత పెట్టారు అన్న మాట తర్వాత ఎప్పుడు వచ్చినా అమ్మాయి చేతిలో ఉండే కాగితం అదే.

మా ఇంట్లో ఆ పని చిన్న పిన్ని చేతిలో పెట్టాం. చదివింపుల పుస్తకం చూసుకుంటూ మర్నాడు రెండు జాబితాలూ ఆవిడే రాసింది. మూడో రోజు సాయంత్రం ఇద్దరూ కూర్చుని సంతకాలు పెట్టారు, అమ్మాయి తన జాబితాను తన సూట్‌కేసులో సర్దుకుంది.