బోరు పంపు ఈమెయిళ్ల అనువాదం: పదపట్టిక తయారీకి ముందు జాగ్రత్తలు

• పట్టిక మొదలుపెట్టే ముందు మొత్తం ఉత్తర ప్రత్యుత్తరాలను పాతవాటి నుంచి వరుసగా చదవాలి. పంపు ఎంపికను మార్చగల పదాలనే పట్టికలో చేర్చాలి. ఇరవై దాటితే ఎవరూ దాన్ని తెరిచి చూడరు.

• ఒకే తెలుగు మాట రెండు ఇంగ్లిష్ పదాలకు వాడారేమో ముందుగా చూడాలి. ఉదాహరణకు, మోటారు ఆపి ఉన్నప్పుడు బోరులో నీరు 40 మీటర్ల లోతులో ఉండి, నడుస్తున్నప్పుడు 65 మీటర్లకు దిగిందనుకుందాం. స్టాటిక్ వాటర్ లెవెల్‌నూ, పంపింగ్ వాటర్ లెవెల్‌నూ “నీటిమట్టం” అనే రాస్తే, 65కు బదులు 40 తీసుకునే వీలుంది; అప్పుడు హెడ్, అంటే పంపు నీటిని ఎత్తాల్సిన ఎత్తు, లెక్కలో 25 మీటర్లు తగ్గిపోయి, ఎంచుకున్న పంపు అనుకున్నంత నీరు ఇవ్వదు. అందువల్ల “నిలకడ మట్టం”, “పంపింగ్ మట్టం” అని రెండు వరుసలు రాసి, ఒక్కొక్కదానికి ఒక వాక్యంలో నిర్వచనం, కొలత ప్రమాణం, ఆ పదం వచ్చిన ఈమెయిల్ తేదీ, వాడకూడని మాట చేర్చాలి.

• హెడ్, పంపు ఇచ్చే నీటి పరిమాణాన్ని తెలిపే డిశ్చార్జ్ వంటివి మెకానిక్ నోట ఎలా ఉంటే అలాగే ఉంచడం మేలు; “శీర్షం” అని రాస్తే షాపులో ఎవరికీ అర్థం కాదు.

• విభక్తులతో మాట రూపం మారుతుంది. “మట్టం” అని వెతికితే “మట్టానికి” దొరకదు కాబట్టి విడివిడిగా వెతకాలి, అన్నిటినీ ఒకేసారి మార్చే ఆదేశం వాడకూడదు.

• పంపేసిన ఈమెయిళ్లలోని పాత పాఠాన్ని దిద్దకుండా, తదుపరి ఈమెయిల్ పైభాగంలో ఏ మాట ఏ అర్థానికి మారిందో తెలిపి, ఇంజినీరు ఆమోదం తీసుకోవాలి.