స్క్రీన్‌షాట్ చదవడం – 4వ పాఠం: ఎడమవైపు టిక్కులు

పోయిన పాఠంలో వార్తల కార్డు చూశాం. ఈసారి వాట్సాప్ చాట్. ఉదాహరణ మా ఇంట్లోదే. మొన్న గోదావరి పొంగుతున్నప్పుడు అమలాపురంలో తొమ్మిది చదివే మా మేనల్లుడు ఫ్యామిలీ గ్రూపులో ఒక స్క్రీన్‌షాట్ పెట్టాడు. హెడ్మాస్టారి ఫోన్లో తీసినట్టు ఉంది. ఎడమవైపు తెల్ల బుడగలో ‘కలెక్టర్ గారు’: “ధవళేశ్వరం దగ్గర 43 అడుగులు దాటింది, మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చాం. రేపు స్కూళ్లకు సెలవు.” కుడివైపు పచ్చ బుడగలో “అలాగే సార్”. మా అక్క రేపటి క్యారేజీ పని మానేసింది కూడా.

ముందుగా ఇది ఎవరి ఫోన్ అని అడగండి. కుడివైపు మాటలు ఎవరివైతే ఫోన్ వాళ్లది. టిక్కులు మనం పంపిన మెసేజ్ ఏమైందో మనకు చెప్పడానికే ఉన్నాయి: ఒకటి ఉంటే వెళ్లింది, రెండు ఉంటే అవతలి ఫోన్‌కి చేరింది, నీలం అయితే చదివారు. అవతలివాళ్లు పంపినదానికి మన ఫోన్లో టిక్కు పడదు. మావాడి బొమ్మలో కలెక్టర్ గారి తెల్ల బుడగలోనూ రెండు నీలం టిక్కులున్నాయి. అక్కడే దొరికిపోయాడు. కుడివైపు నీలం లేకపోతే మాత్రం అనుమానించకండి, చదివినట్టు తెలియకుండా సెట్టింగ్ ఆపేసుకునేవాళ్లు చాలామంది.

తర్వాత గడియారం. ఫోన్ పైన 7:40, చివరి మెసేజ్ కింద 7:52. ఇంకా రాని మెసేజ్‌ని ఫొటో తీశాడన్నమాట! పైభాగం కత్తిరించేసి ఉంటే ఈ ఆధారం ఉండదు. మామూలు మనుషులూ కత్తిరిస్తారు కాబట్టి అదొక్కటే తప్పు కాదు.

ఇవన్నీ చెప్తే వాడు ఊరుకోలేదు. “మావయ్యా, ఇప్పుడు పట్టుకో” అని గంటలో ఇంకోటి పంపాడు. ఈసారి స్నేహితుడి నంబర్‌నే ‘కలెక్టర్ గారు’ అని సేవ్ చేసుకుని, వాడిచేత నిజంగానే మెసేజ్ పెట్టించాడు. టిక్కులు సరే, గడియారమూ సరే. బొమ్మ నిజమే, మనిషే అబద్ధం. పైన కనిపించే పేరు ఫోన్ యజమాని రాసుకున్నదే గనుక దానికి ఏ విలువా ఇవ్వకూడదు. ఇలాంటప్పుడు రూపం వదిలేసి విషయం చూడాలి. 43 అడుగులు భద్రాచలంలో మొదటి హెచ్చరిక. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర అది 11.75 అడుగులకే ఇస్తారు, అప్పటికి సుమారు 10 లక్షల క్యూసెక్కులు వదులుతుంటారు. టీవీలో విన్న అంకెను వాడు తెచ్చి ఇక్కడ అతికించాడు. లంకల్లో ఉండే మా పెద్దమ్మకి ఫోన్ వాడడం రాదుగానీ, ఈ తప్పు వినగానే పట్టేసింది.

అభ్యాసం: మీ ఫోన్లో ఒక గ్రూపు, ఒక మామూలు చాట్ పక్కపక్కన చూడండి. ఎడమ బుడగల పైన పంపినవాళ్ల పేరు ఎక్కడ కనిపిస్తుంది, ఎక్కడ కనిపించదు? రాసుకోండి. 5వ పాఠంలో గ్రూపు చాట్ బొమ్మలను దానితోనే మొదలుపెడదాం.