ఎండకాలం ముందు కంప్యూటర్‌కు కొత్త కూలర్: సైడ్ ప్యానెల్, ర్యామ్ ఎత్తు ముందే కొలవండి

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు మే నెలలో మధ్యాహ్నం గదిలోనే 38 డిగ్రీలు ఉండడం మామూలే. గది ఎంత వేడెక్కితే కంప్యూటర్‌లోని ప్రాసెసర్ కూడా దాదాపు అంతే పైకి పోతుంది. చలికాలంలో 25 డిగ్రీల గదిలో 72 చూపించింది ఇప్పుడు 85 దాకా పోతుంది. అందుకే మార్చిలోనే చాలామంది ప్రాసెసర్‌ను చల్లబరిచే పెద్ద టవర్ కూలర్ కోసం వెతుకుతారు. తీరా తెచ్చి బిగించాక క్యాబినెట్ సైడ్ ప్యానెల్ మూసుకోదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నది మార్చుకోవాలంటే మళ్ళీ వంద కిలోమీటర్లు పోవాలి. ఒకసారి ప్రాసెసర్‌కు పూసే పేస్టు అంటిన కూలర్‌ను వాపసు తీసుకునే దుకాణాలూ తక్కువే.

ముందుగా క్యాబినెట్ సంగతి. దాని వివరాల్లో ఎంత ఎత్తు కూలర్ పడుతుందో చెప్పే కూలర్ క్లియరెన్స్ అని ఒక అంకె ఉంటుంది. పాత క్యాబినెట్‌కు ఆ కాగితం దొరకకపోతే మీరే కొలవాలి. ప్లగ్ పీకి, ప్యానెల్ తీసి, మదర్‌బోర్డు పైకి కనిపించేలా క్యాబినెట్‌ను పడుకోబెట్టండి. రెండు అంచుల మీద ఒక స్కేలు అడ్డంగా పెట్టి, దాని కింది అంచు నుంచి ప్రాసెసర్ కూర్చునే సాకెట్ పక్కన బోర్డు దాకా ఇంకో స్కేలుతో లోతు చూడండి. స్కూలు స్కేలుకు సున్నాకు ముందు ఖాళీ ఉంటుంది, దాన్ని కలపడం మరవొద్దు. కూలర్ ఎత్తును ప్రాసెసర్ పైభాగం నుంచి లెక్కిస్తారు కాబట్టి, మీకు వచ్చిన లోతులో సాకెట్‌కూ ప్రాసెసర్‌కూ కలిపి సుమారు 8 మి.మీ. తీసేయండి. లోతు 178 వస్తే, కూలర్‌కు మిగిలేది 170.

ప్యానెల్ లోపలి వైపు కూడా చూడాలి. పాత రేకు క్యాబినెట్లలో ప్యానెల్‌కే ఫ్యాన్ బిగించి ఉంటుంది. దాని మందం 25 మి.మీ., అది కూలర్‌కు ఎదురుగా వస్తే 170 కాస్తా 145 అవుతుంది. అప్పుడు ఆ ఫ్యాన్ తీసేయడమే మేలు. అద్దం ప్యానెల్ అయితే కనీసం 2, 3 మి.మీ. వదలండి. మూసుకోవడం లేదని స్క్రూ గట్టిగా తిప్పితే రేకు ఉబ్బుతుందేమో కానీ అద్దం ముక్కలవుతుంది.

ఇక్కడిదాకా చాలామంది చూస్తారు. దెబ్బతినేది ర్యామ్ దగ్గర. పెద్ద కూలర్ ముందు ఫ్యాన్ ర్యామ్ స్లాట్ల మీదికి వస్తుంది. ర్యామ్ పొడుగ్గా ఉంటే ఆ ఫ్యాన్‌ను పైకి జరిపి క్లిప్పులు వేయాలి. ఎంత జరిపితే కూలర్ మొత్తం ఎత్తు అంత పెరుగుతుంది.

రెండు టవర్లున్న నాక్టువా ఎన్‌హెచ్-డీ15 కూలర్ తీసుకుందాం. ఎత్తు 165 మి.మీ., ముందు ఫ్యాన్ కింద ర్యామ్‌కు దొరికేది 32 మి.మీ. మన క్యాబినెట్‌లో 170 ఉంది కదా, సరిపోయినట్టే అనిపిస్తుంది. కానీ లైట్లున్న ర్యామ్ 44 మి.మీ. ఎత్తుంటే ఫ్యాన్ 12 మి.మీ. లేవాలి. 165కు 12 కలిపితే 177, అంటే ప్యానెల్ మూసుకోవడానికి ఇంకా 7 మి.మీ. ఉండగానే ఆగిపోతుంది. అదే తొడుగు లేని మామూలు ర్యామ్ అయితే సుమారు 31 మి.మీ.లే, ఏ ఇబ్బందీ లేదు. ర్యామ్ ఎత్తు కొలిచేటప్పుడు బంగారు రంగు పళ్ళ కింది అంచు నుంచి తొడుగు కొస దాకా కొలవండి. స్లాట్‌లో ఉండగా పైకి కనిపించేంత మాత్రమే కొలిస్తే లెక్క తప్పుతుంది.

ఫ్యాన్ లేపకుండా ర్యామ్ మీద నొక్కి క్లిప్పులు వేసే పని మాత్రం చేయొద్దు. ర్యామ్ స్టిక్ ఒక పక్కకు ఒరిగి, డిస్‌ప్లే రాదు, లేదా రెండింట్లో ఒక స్టిక్కే కనబడుతుంది. తప్పు కూలర్‌ది అనుకోక బోర్డు పోయిందని రిపేరుకు తీసుకుపోతారు.

అలాంటప్పుడు దారులు రెండున్నాయి. డీ15కు ముందు ఫ్యాన్ తీసి మధ్య ఫ్యాన్ ఒక్కటే ఉంచితే ర్యామ్‌కు 64 మి.మీ. దొరుకుతుంది, కొన్ని డిగ్రీలు మాత్రం పెరుగుతాయి. లేదంటే సన్నటి ఒంటి టవర్ తీసుకోండి. 158 మి.మీ. ఎత్తున్న ఎన్‌హెచ్-యూ12ఎస్ లాంటిది ర్యామ్ మీదికి రాదు. మా ఓటు దీనికే, రెండు టవర్లంత వేడి లాగకపోయినా మామూలు ఆరు కోర్ల ప్రాసెసర్‌కు అది చాలు. ర్యామ్‌ను దూరపు స్లాట్లకు మారుద్దామనుకుంటే, నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్కులు పెట్టాల్సింది సాకెట్ నుంచి రెండు, నాలుగు స్లాట్లలోనే, కాబట్టి అక్కడ వెసులుబాటు ఏమీ లేదు.

డబ్బు కట్టే ముందు ఒక అట్టముక్క పరీక్ష చేయండి. కూలర్ ఎత్తుకూ ఫ్యాన్ లేపే ఎత్తుకూ 8 కలిపి ఆ పొడవున అట్ట కత్తిరించండి. పై లెక్కకైతే 185 మి.మీ. పవర్ తీసేసి దాన్ని సాకెట్ పక్కన బోర్డు మీద నిలబెట్టి ప్యానెల్ మూయండి. అట్ట వంగితే ఆ కూలర్ వద్దు.