చిన్న కెఫేలో ఓపెన్ మైక్ నైట్: పోస్టర్ మీద ఏం రాయాలి?

ఓపెన్ మైక్ పోస్టర్‌ని ఇద్దరు చదువుతారు. ఒకరు ఊరికే కాఫీ తాగుతూ వినిపోదామనుకునే మనిషి, ఇంకొకరు ఇంట్లో నోట్‌బుక్ నిండా కవితలు రాసుకుని ఇప్పటివరకు ఎవరికీ చదివి వినిపించని మనిషి. మొదటివాళ్లకి రోజు, టైము, చోటు, ఎంత అవుతుంది అనేవి చాలు. రెండోవాళ్లకి మాత్రం సవాలక్ష అనుమానాలుంటాయి, నాకు ఎన్ని నిమిషాలిస్తారు, పేరు ఎక్కడ ఇవ్వాలి, డబ్బులు కట్టాలా, తెలుగులో చదవచ్చా, కాగితం చూసి చదివితే ఏమన్నా అనుకుంటారా అని. ఇవి అడగడానికి మొహమాటపడి చాలామంది ఫోన్ కూడా చేయరు. అందుకే పోస్టర్ రాసేటప్పుడు ముందు ఈ రెండోమనిషికి జవాబు చెప్పండి.

విశాఖలో ఎంవీపీ కాలనీ లాంటి చోట 30 కుర్చీల కెఫే ఉందనుకుందాం. ఒక మైకు, ఒక స్పీకరు, నవంబర్ 15 శనివారం.

ముందు లెక్క వేయండి, తర్వాత రాయండి

పోస్టర్ మీద వేసే ప్రతి అంకె నిజంగా నడిచేది అయి ఉండాలి. సాయంత్రం 6:30 నుంచి 9 వరకు అంటే 150 నిమిషాలు. జనం సర్దుకుని మొదలయ్యేసరికి 10 నిమిషాలు పోతాయి, మధ్యలో కాఫీ బ్రేక్‌కి 15, యాంకరింగ్ చేసేవాళ్ల మాటలకి ఇంకో 15 తీసేస్తే మిగిలేది 110. ఒక్కొక్కరికి 5 నిమిషాలు అనుకున్నా, ఒకరు దిగి ఇంకొకరు ఎక్కి మైకు సరిచేసుకునేసరికి ఇంకో 2 నిమిషాలు ఖాయం, గిటార్ తెచ్చుకున్నవాళ్లకైతే ఇంకా ఎక్కువే. అంటే మనిషికి 7 చొప్పున 15 మంది. ఇందులో 12 మందిని ముందే రాసుకోండి, 3 చోట్లు ఆ రోజు వచ్చి ధైర్యం చేసేవాళ్లకి ఉంచండి.

ఈ లెక్క లేకుండా ‘అందరికీ ఆహ్వానం’ అని రాస్తే 25 మంది వస్తారు, చివరి పదిమంది 9 దాటాక కూడా కూర్చుని ఉంటారు, ఆఖరి మనిషి దిగేసరికి 10 దాటుతుంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్ మీద 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ఆంక్షలు ఉన్నాయి కాబట్టి ఆ గంట దాటనీయకండి. 9 అని రాసుకుంటే కాస్త సాగినా ఇబ్బంది ఉండదు.

ముగ్గురికి మూడు లైన్లు

కవులు, గాయకులు, కమెడియన్లు రావచ్చు అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. ముగ్గురి టెన్షన్లు వేరు.

కవికి కావలసింది భాష సంగతి. తెలుగు, హిందీ, ఇంగ్లిష్ ఏదైనా సరే అని రాయండి, వచన కవిత, పద్యం, గజల్ అన్నీ సరే అయితే ఆ మాట కూడా రాయండి, ఎందుకంటే కెఫే అనగానే ఇక్కడ పద్యం ఎవరు వింటారులే అని వెనకడుగు వేసేవాళ్లున్నారు. ‘చూసి చదవచ్చు’ అన్న రెండు మాటలు చాలామందిని స్టేజీ దాకా తెస్తాయి.

పాడేవాళ్లకి కావలసింది కరోకే ట్రాక్ ఉంటుందా లేదా, వాయిద్యం తెచ్చుకోవచ్చా, ఎన్ని పాటలు అన్నది. 5 నిమిషాల్లో మామూలుగా ఒక్క పాటే పడుతుంది, కాబట్టి ‘ఒక పాట’ అనే రాసేయండి. ట్రాక్ ఫోన్‌లోకి డౌన్‌లోడ్ చేసుకుని రమ్మని చెప్పండి, లేకపోతే స్టేజీ ఎక్కాక నెట్ తిరుగుతూ ఉంటుంది, జనం ఫోన్లు తీస్తారు. సినిమా పాటలు ఉంటాయనుకుంటే ఓనర్ పాటల రచయితలు, స్వరకర్తల హక్కులు చూసే ఐపీఆర్‌ఎస్ సంస్థ లైసెన్స్ గురించి ముందే కనుక్కోవడం మంచిది, పోస్టర్ అచ్చయ్యాక కాదు.

కమెడియన్‌ది ఇంకో బాధ. కొత్త జోకు పనిచేస్తుందో లేదో చూసుకోడానికే వస్తారు, అది సగం ఉడికిన దశలో ఎవరో వీడియో తీసి పెట్టేస్తే ఆ జోకు అక్కడితో పోతుంది. ‘కళాకారుల అనుమతి లేకుండా వీడియో వద్దు’ అన్న లైను ఉంటే వాళ్లు నమ్మకంగా వస్తారు. అలాగే పిల్లలు, పెద్దవాళ్లు ఉండే కెఫే అయితే హద్దు ముందే చెప్పాలి. ‘క్లీన్ కంటెంట్’ అని వదిలేస్తే ఒక్కొక్కరు ఒక్కోలా తీసుకుంటారు, అందుకని ‘బూతులు, కులం, మతం మీద వెక్కిరింపులు వద్దు’ అని సూటిగా రాయండి.

ఇప్పుడు పోస్టర్

మైక్ మాది, మాట మీది!
ఓపెన్ మైక్ నైట్
నవంబర్ 15, శనివారం, సాయంత్రం 6:30 నుంచి 9 వరకు
(కెఫే పేరు, వీధి, దగ్గరి గుర్తు)
కవితలు: ఏ భాషైనా, పద్యమైనా సరే, చూసి చదవచ్చు
పాటలు: ఒక పాట, గిటార్ తెచ్చుకోండి లేదా ట్రాక్ ఫోన్‌లో ఉంచుకోండి
కామెడీ: ఇంటిల్లిపాదీ వినేలా. బూతులు, కులం, మతం మీద వెక్కిరింపులు వద్దు
ఒక్కొక్కరికి 5 నిమిషాలు, మొత్తం 15 మందికి చోటు
పేరు ఇవ్వడానికి వాట్సాప్ చేయండి: (నంబర్), నవంబర్ 13, గురువారం రాత్రి 8 లోపు
అప్పటికప్పుడు వచ్చేవాళ్లకి 3 చోట్లు, 6 గంటలకే రండి
స్టేజీ ఎక్కేవాళ్లకి ఉచితం, వినేవాళ్లకి 150 రూపాయలు, అందులోనే ఒక ఫిల్టర్ కాఫీ
కళాకారుల అనుమతి లేకుండా వీడియో వద్దు

‘ఈ శనివారం’ అని ఎక్కడా రాయలేదు చూడండి. పోస్టర్ పది రోజులు గోడ మీద ఉంటుంది, వాట్సాప్‌లో ఫార్వర్డ్ అవుతూ ఇంకా ఎక్కువ తిరుగుతుంది, ఏ శనివారమో ఎవరికీ తెలియదు. తేదీ, వారం రెండూ వేసి క్యాలెండర్‌తో ఒకసారి సరిచూసుకోండి. స్టేజీ ఎక్కేవాళ్లతో వచ్చే స్నేహితులకి కూడా టికెట్ ఉంటే ఆ సంగతి వాట్సాప్ జవాబులో చెప్పండి, పోస్టర్ మీద ఇరికించకండి.

అచ్చుకి ఇచ్చేముందు

డీటీపీ షాపుల్లో చాలాచోట్ల ఇప్పటికీ ‘అను’ అనే పాత తరహా తెలుగు ఫాంట్లే వాడతారు, మీరు ఫోన్ నుంచి పంపేది వాటితో నేరుగా కలవని యూనికోడ్. దాన్ని మార్చేటప్పుడో మళ్లీ టైప్ చేసేటప్పుడో ఒత్తులు విడిపోతాయి, పొల్లులు ఎగిరిపోతాయి. ‘అప్పటికప్పుడు’, ‘ఒక్కొక్కరికి’ లాంటి మాటల దగ్గర వేలు పెట్టి చదవండి, తప్పు ఉంటే అక్కడే ఉంటుంది. లైన్ల మధ్య ఖాళీ ఇంగ్లిష్ పోస్టర్‌కన్నా ఎక్కువ ఉండాలి, లేకపోతే పై లైను ఒత్తులు కింది లైను గుడుల మీద ఎక్కి కూర్చుంటాయి. ఏ3 కాగితం మీద పేరు, తేదీ రోడ్డు అవతలి నుంచి కనిపించాలి, మిగతాది గోడ దగ్గరికి వచ్చి చదువుకుంటారు కాబట్టి చిన్నగా ఉన్నా పర్లేదు.

ఒక కాపీ తీయించి కెఫే తలుపుకి అంటించి, ఈ కార్యక్రమం గురించి ఏమీ తెలియని ఎవరినైనా చదవమనండి. చదివాక వాళ్లు మిమ్మల్ని ఏది అడిగితే అది పోస్టర్‌లో లేనట్టే, అది చేర్చాకే మిగతా కాపీలు వేయించండి.

12 పేర్లు నిండగానే పోస్టర్ మీద అడ్డంగా ఒక కాగితం ముక్క అంటించండి: ‘ముందుగా ఇచ్చే పేర్లు నిండాయి. ఆ రోజు 3 చోట్లు ఉంటాయి, వినడానికి అందరూ రావచ్చు.’