సెర్చ్ కన్సల్టెంట్‌కి మొదటి మెయిల్: పంపే ముందు జాగ్రత్తలు

ఏప్రిల్, మే నెలల్లో పెద్ద హోదాల్లో ఉన్నవాళ్లు, కంపెనీల తరఫున పెద్ద ఉద్యోగాలకు మనుషుల్ని వెతికిపెట్టే సెర్చ్ కన్సల్టెంట్లకు మెయిళ్లు రాయడం మొదలుపెడతారు. అప్పటికి బోనస్ ఖాతాలో పడి ఉంటుంది, అప్రైజల్‌లో ఏం రాలేదో తెలిసిపోయి ఉంటుంది. ఈసారి సీజన్ ఊపందుకోకముందే ఒక దెబ్బ తగిలింది. హైదరాబాద్ ఫార్మాలో ఒక వైస్ ప్రెసిడెంట్ తన రెజ్యూమె పంపి, కింద "దయచేసి గోప్యంగా ఉంచగలరు" అని రాశారు. కన్సల్టెంట్ దాన్ని పేపర్లో వేయలేదు, ఎవరికీ అమ్ముకోలేదు. తన క్లయింట్‌కి ఇచ్చే తొలి జాబితాలో ఆయన పేరు చేర్చారు, అంతే. ఆ క్లయింట్ బోర్డులోని ఒక ఇండిపెండెంట్ డైరెక్టర్‌కి ఈయన ఎండీ పాత స్నేహితుడు. నెల తిరగకముందే కొత్త ప్లాంట్ మీటింగులకు ఈయనకు పిలుపు ఆగిపోయింది. ఉద్యోగం పోలేదు, వేరేది రాలేదు. అడుగుదామంటే ఎవరూ ఏమీ అనలేదు కదా!

ఇలాంటి జాబితాలను హెచ్‌ఆర్ వైపు కూర్చుని అందుకున్న మనిషిగా చెబుతున్నాను. రెజ్యూమె నీట్‌గా ఉండాలి, తప్పులుండకూడదు లాంటివి మీకు తెలుసు. మనుషుల్ని ముంచేది వేరే ఉంది: "గోప్యంగా ఉంచండి" అని రాసి, అక్కడితో పని అయిపోయిందనుకోవడం.

ఆ మాటకు కన్సల్టెంట్ చెప్పుకునే అర్థం ఒకటే: మీ కంపెనీకి చెప్పకూడదు. క్లయింట్‌కి చూపించడం ఆయన పనే కాబట్టి అది గోప్యత తప్పడం కిందికి రాదనుకుంటారు. ఆయన తప్పేమీ లేదు. కంపెనీ ముందే ఫీజు కుదుర్చుకుని ఒకే సంస్థకు వెతుకులాట అప్పగించే రిటైన్డ్ సెర్చ్‌లో ఆయనకు డబ్బిచ్చేది క్లయింట్. ఎంపికైన మనిషి మొదటి ఏడాది జీతంలో దాదాపు మూడో వంతు, మామూలుగా మూడు విడతల్లో. మీరు ఆయన క్లయింట్ కాదు, ఆయన క్లయింట్‌కి చూపించే సరుకు. అందుకే ఏం చేయాలో, ఏం చేయకూడదో విడమర్చి చెప్పాలి:

"ముందు కంపెనీ పేరు నాకు చెప్పి, నేను సరేనన్న తర్వాతే, ఆ ఒక్క కంపెనీకే నా పేరు ఇవ్వండి."

ఈ ఒక్క వాక్యం లేకుండా మెయిల్ పంపొద్దు. క్లయింట్ పేరు అప్పుడే బయటపెట్టలేనని కన్సల్టెంట్ అనొచ్చు, చాలా సెర్చ్‌లు అలాగే నడుస్తాయి. పర్లేదు. ఆయన ఎప్పుడు చెప్పగలిగితే అప్పుడే మీ పేరు వెళ్తుంది.

మెయిల్‌కి ముందు ఒక ప్రశ్న

రెజ్యూమె జత చేయకముందే ఫోన్లో అడగండి: "మా కంపెనీ మీకు క్లయింటా?" అవునంటే ఆయన మిమ్మల్ని కదిలించలేరు. క్లయింట్ల దగ్గర నుంచి మనుషుల్ని తీసుకెళ్లకూడదని సెర్చ్ సంస్థలు ఒప్పందంలో రాసుకుంటాయి, దాన్ని ఆఫ్ లిమిట్స్ అంటారు. ఆ గడువు ఏడాది, రెండేళ్లు ఉంటుంది. అంటే మీకు లాభం సున్నా. నష్టం మాత్రం ఉంది. అదే సంస్థలో మరో పార్ట్‌నర్ మీ హెచ్‌ఆర్ హెడ్‌తో తరచూ మాట్లాడుతూ ఉంటారు, మీ రెజ్యూమె వాళ్లందరూ వెతకగలిగే డేటాబేస్‌లో కూర్చుని ఉంటుంది.

స్కోప్

"ఇరవై ఏళ్ల అనుభవం, ఎండ్ టు ఎండ్ ఆపరేషన్స్ నాయకత్వం" అంటే కన్సల్టెంట్‌కి ఏమీ తెలియదు. ఆయనకు కావలసినవి నాలుగు: మీరు ఎవరికి రిపోర్ట్ చేస్తారు, మీకు ఎవరు రిపోర్ట్ చేస్తారు, ఎంత డబ్బు మీ చేతిలో ఉంది, ఎవర్నీ అడగకుండా మీరు ఏం నిర్ణయించగలరు. వీటిలో ఎక్కువమంది జారేది డబ్బు దగ్గర. ప్లాంట్ల ఖర్చు మాత్రమే చూసేవాళ్లు "పీ అండ్ ఎల్ నాదే", అంటే లాభనష్టాల బాధ్యత మొత్తం తమదేనని రాసేస్తారు. మొదటి కాల్‌లోనే "అమ్మకం ధర ఎవరు నిర్ణయిస్తారు?" అనే ప్రశ్న వస్తుంది. "అది బిజినెస్ టీమ్" అన్నారంటే మిగతా మెయిల్ మీద కూడా నమ్మకం పోతుంది. ఖర్చుల బడ్జెట్ మీదైతే అదే రాయండి. అదీ చిన్న విషయం కాదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పేరు లేకపోయినా స్కోప్ మిమ్మల్ని పట్టిస్తుంది. "హైదరాబాద్ చుట్టుపక్కల మూడు స్టెరైల్ ఇంజెక్టబుల్స్ ప్లాంట్లు చూసే వైస్ ప్రెసిడెంట్" అని పేరు తీసేసి చూపించినా, ఈ ఊళ్లో ఫార్మా తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టి మీ దగ్గర ఆగుతారు. కన్సల్టెంట్లు తరచూ మీ వాక్యాల్నే కాపీ చేసి క్లయింట్‌కి పంపుతారు. కాబట్టి ఏ వాక్యాన్ని విడిగా కత్తిరించి పంపినా అది మీరేనని తెలియకూడదు. ప్లాంట్ల ఊళ్లు వద్దు, మందుల పేర్లు వద్దు, సిబ్బంది కచ్చితమైన లెక్క వద్దు. వివరాలు కాల్ తర్వాత ఇవ్వొచ్చు.

ఏప్రిల్‌లో రాసేవాళ్లకు ఇంకో ప్రమాదం. మీది లిస్టెడ్ కంపెనీ అయితే మార్చి త్రైమాసికం లెక్కలు ఇంకా బయటికి వచ్చి ఉండకపోవచ్చు. వార్షిక ఫలితాలు ప్రకటించడానికి కంపెనీకి 60 రోజుల గడువుంది, ప్రకటించాక 48 గంటల దాకా ట్రేడింగ్ విండో మూసే ఉంటుంది, అంటే లోపలివాళ్లు కంపెనీ షేర్లు కొనకూడదు, అమ్మకూడదు. "ఈ ఏడాది మా డివిజన్ ఇంత పెరిగింది" అని మీరు గొప్పగా రాసే అంకె సెబీ 2015 ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనల కింద బయటపెట్టకూడని సమాచారం కావచ్చు. ప్రచురితమైన ఏడాది అంకెలే వాడండి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ యూఎస్ఎఫ్‌డీఏ తనిఖీల్లో ఏం దొరికింది, దానికి మీరు లోపల ఏం సమాధానం తయారుచేస్తున్నారు అన్నది కూడా మెయిల్లోకి రాకూడదు.

మొబిలిటీ

"ఎక్కడికైనా సిద్ధం" అని రాయకండి. అది ఎవరూ నమ్మరు, నమ్మితే ఇంకా ప్రమాదం. ఆఖరి రౌండ్ అయ్యాక "ఇంట్లో ఒప్పుకోవడం లేదండీ" అన్న మనిషికి ఆ కన్సల్టెంట్ మళ్లీ ఫోన్ చేయరు. ముందు ఇంట్లో కూర్చుని తేల్చుకోండి: ఏ ఊళ్లు, ఎప్పటి నుంచి, కుటుంబంతోనా ఒక్కరేనా. తల్లిదండ్రుల ఆరోగ్యం, భార్య లేదా భర్త ఉద్యోగం, పిల్లల చదువు ఇవన్నీ ఇప్పుడే లెక్కలోకి రావాలి. మెయిల్లో మాత్రం కారణానికి ఒక్క ముక్క చాలు. "వారానికోసారి వచ్చి వెళ్తాను" అనే ఏర్పాటు ప్లాంట్ ఉద్యోగాలకు పనికిరాదు. రాత్రి రెండింటికి బాయిలర్ ఆగితే హెడ్ ఊళ్లో ఉండాలి.

నోటీసు కూడా ఇందులోనే చెప్పండి. మూడు నెలలా, ఆరు నెలలా, మిగిలిన రోజులకు డబ్బు కట్టి ముందే వెళ్లే బై అవుట్ కుదురుతుందా? మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చూసి రాయండి, గుర్తున్నది రాయొద్దు.

ఇవన్నీ కలిపితే మెయిల్ ఇలా వస్తుంది. మీరు ఇంగ్లీషులో రాస్తారనుకోండి, సారం ఇంతే:

> నమస్తే అండీ. మొన్న ఫోన్లో అనుకున్నట్టు రాస్తున్నాను.
>
> ప్రస్తుతం లిస్టెడ్ ఫార్మా కంపెనీలో తయారీ విభాగం చూస్తున్నాను. ఒకటి కంటే ఎక్కువ ప్లాంట్లు, వెయ్యికి పైగా సిబ్బంది. సీఓఓకి రిపోర్ట్ చేస్తాను, ప్లాంట్ హెడ్‌లు నాకు రిపోర్ట్ చేస్తారు. తయారీ ఖర్చుల బడ్జెట్ నాది, అమ్మకాల బాధ్యత నాది కాదు. వెతుకుతున్నది సీఓఓ హోదా, లేదా క్వాలిటీ, సప్లై చైన్ కూడా నా కిందికి వచ్చే పని.
>
> హైదరాబాద్ అయితే వెంటనే. విశాఖ అయితే ముందు ఒక్కణ్నే వస్తాను. బెంగళూరు, ముంబై వచ్చే ఏప్రిల్ తర్వాత, పాప ఇంటర్ అయ్యాక. ఇంకో ఊరు వద్దు. నోటీసు మూడు నెలలు.
>
> కంపెనీ పేరు నాకు చెప్పి, నేను సరేనన్నాకే నా పేరు, ప్రొఫైల్ ఆ కంపెనీకి ఇవ్వండి. పేరు తీసేసిన ప్రొఫైల్‌కీ ఇదే వర్తిస్తుంది. నా గురించి ఎవర్నీ వాకబు చేయొద్దు, రిఫరెన్సులు ఆఫర్ దశలో నేనే ఇస్తాను. ఈ మాటకు సరేనని జవాబిస్తే పూర్తి రెజ్యూమె పంపుతాను.

చివరి వాక్యం చూడండి. రెజ్యూమె ఇంకా మీ చేతిలోనే ఉంది, ఒప్పుకోలు మాత్రం రాతలో వస్తుంది. "మాటిచ్చాం కదండీ, రాత ఎందుకు" అనే కన్సల్టెంట్‌కి రెజ్యూమె పంపొద్దు. వాకబు గురించి కూడా విడిగా రాయాల్సిందే. మీ పాత సహోద్యోగికి ఫోన్ చేసి "ఆయన ఎలాంటి మనిషండీ?" అని అడగడం ఈ రంగంలో మామూలు. ఆ ఒక్క ఫోన్ చాలు, సాయంత్రానికి మీ ఆఫీసులో తెలిసిపోతుంది.

ఇక మిగిలినవి. వరసేమీ లేదు, అన్నీ పాటించండి.

ఆఫీసు మెయిల్, ఆఫీసు లాప్‌టాప్, ఆఫీసు వైఫై వాడొద్దు. సొంత ఫోన్, సొంత నెట్.

ఫైల్ ప్రాపర్టీస్ తెరిచి చూడండి. ఆఫీసు కంప్యూటర్లో తయారైన వర్డ్ ఫైల్లో కంపెనీ పేరు అలాగే ఉండిపోవచ్చు.

కన్సల్టెంట్‌తో కాల్ ఆఫీసు క్యాలెండర్లో పెట్టొద్దు. మీ పీఏ రోజూ పొద్దున్నే మొదట తెరిచేది దాన్నే.

లింక్డ్‌ఇన్‌లో ఓపెన్ టు వర్క్ "రిక్రూటర్లకు మాత్రమే" అని పెట్టి ధైర్యంగా ఉండొద్దు. మీ కంపెనీ రిక్రూటర్లకు కనపడకుండా చూస్తాం గానీ పూర్తి గోప్యతకు హామీ ఇవ్వలేం అని లింక్డ్‌ఇనే చెబుతుంది.

ఒకే వారంలో ఐదుగురు కన్సల్టెంట్లకు పంపొద్దు. ఒకే కంపెనీకి ఇద్దరి ద్వారా మీ పేరు వెళ్తే మీ విలువ అక్కడే పడిపోతుంది. ఒకరు, మహా అయితే ఇద్దరు.

మీ దగ్గర డబ్బు అడిగేవాళ్లు సెర్చ్ కన్సల్టెంట్లు కారు. ఫోన్ పెట్టేయండి.

జీతం మొదటి మెయిల్లో వద్దు.

బాస్ మీద కోపం అసలే వద్దు, ఒక్క విశేషణం కూడా.

వాట్సాప్‌లో రెజ్యూమె పంపొద్దు. ఫార్వర్డ్ బటన్ వాళ్ల వేలి కిందే ఉంటుంది.

ఎవరో ఫోన్ చేసి, మీరు కన్సల్టెంట్‌కి తప్ప ఎవరికీ చెప్పని మాట చెప్పారంటే విషయం బయటికి పొక్కింది. అదే రోజు కన్సల్టెంట్‌కి ఫోన్ చేసి నా పేరు ఎవరెవరికి వెళ్లిందో మెయిల్లో రాయండి అనండి. నసిగితే, మీ డేటాబేస్ నుంచి నా ఫైల్ తీసేయండి అని రాతలో అడగండి. మీ బాస్ నేరుగా అడిగితే అబద్ధం ఆడొద్దు. రేపు మీ రిఫరెన్స్ చెప్పాల్సింది ఆయనే.

మళ్లీ చెబుతున్నాను, కంపెనీ పేరు చెప్పాక, మీరు సరేనన్నాక, ఆ ఒక్క కంపెనీకే. తర్వాత ఆరు నెలలకు అదే కన్సల్టెంట్ ఇంకో పని పట్టుకుని వస్తే, అప్పుడు ఇచ్చిన సరే ఇప్పటికి చెల్లదని మళ్లీ రాయండి.